మీకు తెలుసా? ఇన్వర్టర్ బ్యాటరీలు తొందరగా దిగిపోతుంటే తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు

• 24 వోల్టుల ఇన్వర్టర్‌కు రెండు 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలను సిరీస్‌లో కలుపుతారు. వాటిలో మొత్తం 12 సెల్స్ ఉంటాయి. కరెంటు పోయాక నాలుగు గంటలు వచ్చేది గంటకే ఆగిపోతుంటే అన్నీ అరిగిపోయాయని అనుకోనక్కర్లేదు. ఒక్క సెల్ చెడినా అంతే జరుగుతుంది. ముందుగా ఖాళీ అయ్యే సెల్లే మిగతా పదకొండింటినీ ఆపేస్తుంది.

• చార్జింగ్ ఆపిన వెంటనే మీటర్ పెడితే బలహీనమైన బ్యాటరీ కూడా 13 వోల్టులు చూపించవచ్చు. నాలుగైదు గంటలు వదిలేసి చూడండి. నిండిన బ్యాటరీ 12.5 నుంచి 12.7 దగ్గర నిలుస్తుంది. ఆ అంకె వచ్చినా సరిపోదు, లోడ్ మీద కూడా చూడాలి.

• ఒక ఉదాహరణ. ఫ్యాన్లు, లైట్లు కలిపి 400 వాట్లు వేశాం. అరగంటకు మొదటి బ్యాటరీ 12.2 వోల్టుల దగ్గరే ఉంది, రెండోది 10.4కు పడిపోయింది. తేడా దాదాపు 2 వోల్టులు, అంటే ఒక సెల్ అంత. అలాగే నడిపిస్తే మొదటిది 12.0, రెండోది 9.0 దగ్గర ఉండగా మొత్తం 21 వోల్టులై ఇన్వర్టర్ ఆగిపోయింది. రెండోదానిలో మంచి సెల్స్ ఐదే 10 వోల్టులు ఇస్తున్నాయి. అయినా 9 చూపించిందంటే ఆరో సెల్ ప్లస్, మైనస్‌లు తారుమారై ఎదురు తిరిగిందన్నమాట!

• ఏ సెల్లో హైడ్రోమీటరే చెబుతుంది. నిండా చార్జి అయిన ట్యూబులర్ బ్యాటరీలో యాసిడ్ సాంద్రత సాధారణంగా 1.240 దగ్గర ఉంటుంది. మిగతావి 1.235 ఉండగా ఒక్కటే 1.150 ఉంటే దోషం ఆ సెల్‌దే. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే మాత్రం చూడకండి, నీళ్లు పైనే తేలి రీడింగ్ తప్పుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి.

• పన్నెండూ సమానంగా 1.180 దగ్గరే ఉన్నాయా? అప్పుడు చార్జర్‌ను అనుమానించాలి. చార్జింగ్ చివర్లో బ్యాటరీ టెర్మినల్స్ మీద 28 వోల్టులు దాటాలి. గంటలు గడిచినా 26.5 దగ్గరే ఆగి, కరెంటు కూడా తక్కువే వెళ్తుంటే చార్జర్ పని చేయడం లేదు. వోల్టేజి తక్కువగానే ఉన్నా కరెంటు మాత్రం తగ్గకుండా లాగుతుంటే, చార్జర్ కన్నా ముందు షార్టైన సెల్ కోసం వెతకండి. వోల్టేజి సరిగ్గా వచ్చి, ఎంతసేపు చార్జి చేసినా సాంద్రత పెరగకపోతే ప్లేట్లకు సల్ఫేట్ పట్టిందని అర్థం.

• లోడ్ తప్పును డీసీ క్లాంప్ మీటర్‌తో తేల్చవచ్చు. 400 వాట్లకు బ్యాటరీ వైరులో సుమారు 20 ఆంపియర్లు పారాలి. 35 కనిపిస్తే ఫ్రిజ్ లాంటిదేదో ఇన్వర్టర్ లైన్‌లో చేరింది. కరెంటు రెట్టింపైతే బ్యాకప్ సగం కన్నా తక్కువకే పడిపోతుంది.

• సెల్ చెడిన బ్యాటరీ ఒక్కదాన్నే మార్చి, నాలుగేళ్ల పాతదాని పక్కన కొత్తది పెట్టించకండి. పాతది ముందే ఖాళీ అవుతుంది, కొత్తదాని బలం వృథా అవుతుంది. వయసు మీరిన జతైతే రెండూ కలిపి మార్చడమే మంచిది.