‘చూశాం, బాగుంది’ అంటే ఒప్పుకున్నట్టేనా?

యాడ్ ఏజెన్సీలో క్లయింట్లతో వ్యవహారం చూసే వాళ్లను బాగా ఇబ్బంది పెట్టే జవాబు ‘వద్దు’ కాదు. 34 స్లైడ్ల పీపీటీ పంపి రెండు రోజులు ఎదురుచూశాక ‘చూశాం అండీ, బాగుంది’ అని వచ్చే మెయిల్. ఏం బాగుంది? బొమ్మలా, రేటా, తేదీలా? ఆ మాట నమ్మి ప్రింటింగ్‌కి ఇస్తే, వారం తిరిగాక ‘ఆ రేటుకి మేమెప్పుడు ఒప్పుకున్నాం?’ అంటారు. వాళ్ల తప్పూ పెద్దగా ఉండదు. మనం పంపిన మెయిల్‌లో ఉన్నది ‘పీపీటీ జతచేశాం, చూసి చెప్పగలరు’ అన్న ఒక్క ముక్కే. చూడమన్నాం, చూశారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక పెద్ద చీరల షాపు. దసరాకి హోర్డింగులు, పేపరు ప్రకటనలు, ఒక చిన్న వీడియో చేసిపెట్టమని హైదరాబాద్ ఏజెన్సీని అడిగింది. ఏజెన్సీ ప్రపోజల్ తయారుచేసింది. అందులో చాలా భాగం మార్కెట్ సంగతులు, పోయినేడు పోటీ షాపులు ఏం చేశాయి, మా పాత పనులు... ఇవన్నీ చదువుకోవడానికే. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అనుమతి కావలసిన స్లైడ్లను ఏరడానికి నేను చూసేది ఒక్కటే: దీన్ని తర్వాత మార్చాలంటే ఎవరికైనా డబ్బు నష్టమవుతుందా? అలా చూస్తే ఇక్కడ మూడే తేలతాయి. 9వ స్లైడ్‌లో హోర్డింగ్ మీద వేసే ప్రధాన వాక్యం, డిజైన్. ఫ్లెక్స్ ప్రింటయ్యాక అక్షరం మార్చలేం. 17వ స్లైడ్‌లో బడ్జెట్. 24వ స్లైడ్‌లో షూటింగ్ తేదీ. మోడల్, కెమెరా వాళ్లు ఆ రోజుకి అడ్వాన్స్ తీసుకుంటారు. పదీ పన్నెండూ స్లైడ్లకు అప్రూవల్ అడిగితే చదివేవాళ్లు విసిగి, అన్నిటికీ కలిపి ఒక ‘బాగుంది’ పడేస్తారు.

మెయిల్ ఇలా ఉండొచ్చు. మన ఆఫీసుల్లో ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, విషయం మాత్రం ఇదే:

సబ్జెక్ట్: గురువారం 5 గంటల్లోపు అప్రూవల్ కావాలి – స్లైడ్లు 9, 17, 24 – దసరా ప్రపోజల్

నమస్కారం సార్,

దసరా ప్రచారానికి మా ప్రపోజల్ జతచేస్తున్నాను (ఫైలు: `Dasara_Proposal_v3.pdf`, 34 స్లైడ్లు). మీరు నిర్ణయం చెప్పాల్సినవి మూడే. మిగతావి వీలున్నప్పుడు చూడండి.

స్లైడ్ 9, ‘హోర్డింగ్ డిజైన్’: రెండు డిజైన్లు ఉన్నాయి. ఎ, బి లలో ఏది ఖాయం చేయమంటారు? మా సలహా ఎ. దూరం నుంచి కూడా చదవడానికి వీలుగా ఉంది.

స్లైడ్ 17, ‘ఖర్చు’: మొత్తం రూ.18,00,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.3,24,000 కలిపి రూ.21,24,000. ఇందులో సగం, అంటే రూ.10,62,000 అడ్వాన్స్. సమ్మతమేనా?

స్లైడ్ 24, ‘షూటింగ్’: వచ్చే నెల మొదటి ఆదివారం, మీ బీసెంట్ రోడ్ షోరూమ్‌లో. ఆ రోజు షాపు మూసి ఉంచగలరా?

హోర్డింగుల స్థలాలు మన కోసం శుక్రవారం ఉదయం దాకా ఆపి ఉంచారు. ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గరిది వేరేవాళ్లకు వెళ్లే వీలుంది.

దీనికే జవాబుగా ‘9-ఎ, 17 సరే, 24 సరే’ అని రాస్తే చాలు.

ఇందులో గడువు ఊరికే పెట్టింది కాదని గమనించండి. ‘దయచేసి త్వరగా’ అంటే ఎవరూ కదలరు. స్థలం చేజారుతుందంటే కదులుతారు, అదీ నిజమైతేనే చెప్పాలి. ఒకసారి దొంగ గడువు పెట్టి దొరికిపోతే తర్వాతి గడువులను ఎవరూ ఖాతరు చేయరు. సబ్జెక్ట్‌లో షాపు పేరు, ఏజెన్సీ పేరు ముందు పెట్టకపోవడానికీ కారణం ఉంది. ఓనర్లు మెయిల్ చూసేది ఫోన్లో, అక్కడ మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి.

స్లైడ్ నంబరు పక్కన శీర్షిక కూడా రాయడం చాదస్తంగా అనిపించొచ్చు. కానీ నంబర్లు మోసం చేస్తాయి. పవర్‌పాయింట్‌లో ఒక స్లైడ్‌ను దాచిపెట్టినా దాని అంకె లెక్కలోనే ఉంటుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు దాన్ని వదిలేస్తే, స్లైడ్ మూలన 17 అని ఉన్నది ఫోన్లో 16వ పేజీగా కనిపిస్తుంది. ఓనర్ గారు 17వ పేజీ తెరిచి, ఖర్చు బదులు పేపరు ప్రకటనల జాబితా చూసి ‘సరే’ అనేస్తారు. పంపే ముందు ఆ పీడీఎఫ్‌నే ఫోన్లో తెరిచి ఒకసారి సరిచూసుకుంటే ఈ తంటా ఉండదు. లింకు కాకుండా పీడీఎఫ్ పంపడానికి కారణం కూడా ఇలాంటిదే. లింకులో ఉన్న ప్రెజెంటేషన్‌ను మనవాళ్లు రేపు మార్చొచ్చు, అప్పుడు క్లయింటు సరే అన్నది దేనికో తేలదు. జీమెయిల్ 25 ఎంబీ దాటిన ఫైలును డ్రైవ్ లింకుగా మార్చేస్తుంది కాబట్టి ముందు ఫొటోల సైజు తగ్గించుకోవాలి. లేకపోతే ఓనర్ గారి ఫోన్లో డిజైన్ బదులు అనుమతి అడిగే పేజీ తెరుచుకునే ప్రమాదం ఉంది.

ఇక జవాబు. సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: ‘9-ఎ ఓకే. 17 ఓకే, కానీ హోర్డింగులు అయిదు తగ్గించండి. 24 ఓకే.’ ఏజెన్సీలో కొత్తగా చేరిన కుర్రాళ్లు దీన్ని చూసి మూడూ వచ్చేశాయని సంబరపడతారు. వచ్చినవి రెండే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, షరతు లేకుండా ఉండాలి. ‘ఓకే, కానీ’ అంటే అది కొత్త బేరం. హోర్డింగ్ ఒకటి రూ.30,000 అనుకుంటే అయిదింటికి లక్షన్నర తగ్గుతుంది. రూ.16,50,000, జీఎస్టీ రూ.2,97,000, మొత్తం రూ.19,47,000. ఈ అంకెతో 17వ స్లైడ్ మార్చి, ఫైలుకు `v4` అని పేరుపెట్టి, మారింది ఆ ఒక్క స్లైడేనని రాసి మళ్లీ పంపాలి. పాత పేరుతోనే కొత్త ఫైలు పంపితే మాత్రం రెండు అంకెలూ పక్కపక్కన తిరుగుతుంటాయి.

మెయిల్‌లో ‘సరే’ అనడానికి అంత విలువ ఉందా అని కొందరికి సందేహం. ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య బాక్సైట్ సరఫరా కేసులో, మెయిళ్ల మీదే ముఖ్యమైన షరతులన్నీ కుదిరాక పద్ధతిగా పత్రం రాసుకోలేదన్న కారణంతో ఒప్పందం లేదనడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. చీరల షాపు వ్యవహారం కోర్టు దాకా వెళ్లదు. అయినా ఇద్దరి మధ్య మాట వచ్చినప్పుడు ముందు వెతికేది ఆ మెయిల్‌నే.

‘గురువారంలోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం’ అని చివర్లో తగిలించే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది. నాకది నచ్చదు. ముందే అలా రాసుకున్న ఒప్పందం ఉంటే తప్ప, అవతలివాళ్లు ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. దాన్ని నమ్ముకుని ఫ్లెక్స్ ప్రింట్ చేయిస్తే ఆ ఖర్చు ఏజెన్సీ నెత్తినే పడొచ్చు. అంతకన్నా గురువారం మధ్యాహ్నం ఒక ఫోన్ చేయడం నయం. మన వ్యాపారాల్లో నిర్ణయాలు ఎలాగూ ఫోన్లోనో, వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మతోనో జరుగుతాయి. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో అదే మెయిల్‌కి కొనసాగింపుగా నాలుగు వాక్యాలు పంపాలి: ‘ఇప్పుడు ఫోన్లో చెప్పినట్టు 9-ఎ ఖాయం. `v4`లోని 17వ స్లైడ్ ప్రకారం మొత్తం రూ.19,47,000. షూటింగ్ ఆదివారమే. ఇందులో తేడా ఉంటే ఈ సాయంత్రంలోగా చెప్పండి, ప్రింటింగ్‌కి రేపు ఉదయం ఇస్తున్నాం.’ దానికి అడ్వాన్స్ ఇన్వాయిస్ జతచేసి, సీసీలో షాపు అకౌంటెంట్‌ను పెడితే, అంకె ఎక్కడైనా తేడాగా ఉంటే ఆయనే ముందు ఫోన్ చేస్తాడు.