ఈ పూట సరైన ధర ఎంత?

పొద్దున కొని సాయంత్రంలోపు అమ్మేసే కాయిన్ ట్రేడర్‌కి తెరమీద కనిపించే చివరి ధర ఒక్కటే చాలదు. ఆ ధరకి ఎంత సరుకు చేతులు మారిందో అది చెప్పదు. ఆ లోటు తీర్చేదే చార్టులో VWAP అనే గీత. జరిగిన ప్రతి లావాదేవీలో ధరను పరిమాణంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం పరిమాణంతో భాగిస్తే వచ్చే సగటు అది.

ఒక కాయిన్ 100 రూపాయలకి 600, 102కి 300, 110కి 100 అమ్ముడైందనుకుందాం. మూడు ధరల మామూలు సగటు 104. కానీ 1,000 కాయిన్లకి చెల్లిన సొమ్ము 1,01,600 రూపాయలు, అంటే VWAP 101.60. 104కి దొరికితే చవకే అనిపిస్తుంది గానీ, ఆ రోజు కొన్నవాళ్లు సగటున పెట్టినదానికంటే 2.40 ఎక్కువ పెడుతున్నట్టే లెక్క. పెద్ద మొత్తాల్లో షేర్లు కొనే సంస్థలు తమకి మంచి ధర పడిందో లేదో తేల్చుకోవడానికి ఎప్పటినుంచో ఈ కొలతే వాడుతున్నాయి.

షేర్ మార్కెట్‌కి గంట కొట్టి తెరిచే వేళ ఉంది, క్రిప్టోకి లేదు. అందుకే చాలా చార్టుల్లో ఈ లెక్క అంతర్జాతీయ సమయం అర్ధరాత్రికి, అంటే మనకి తెల్లవారి 5.30కి, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ తొలి గంటలో ఒక్క పెద్ద ఆర్డర్ పడినా గీత ఎగిరిపడుతుంది, దాన్ని నమ్మి కొనకూడదు. రాత్రయ్యేసరికి పరిస్థితి తారుమారవుతుంది. మన ఉదాహరణలో తర్వాత 100 కాయిన్లు 90కి అమ్ముడైతే ధర కుప్పకూలినట్టే, గీత మాత్రం 100.55కే దిగుతుంది.

నష్టాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. ధర గీత కిందికి వచ్చింది కాబట్టి తిరిగి పైకి లేస్తుందని కొనేస్తారు. నిజానికి గీత గడిచినదాన్ని చెబుతుందే తప్ప ధరను వెనక్కి లాగే బలం దానికి లేదు. గీత దాదాపు అడ్డంగా సాగుతూ, ధర దాని పైకీ కిందికీ ఊగుతుంటే తిరిగొస్తుందన్న ఆశకి కొంత ఆధారముంది. గీతే దిగజారుతూ, ధర పైకి లేచిన ప్రతిసారీ గీత దగ్గరే ఆగి పడిపోతుంటే, అది అమ్మకందార్ల రోజు. అప్పుడు చవక అని కొంటే ఇరుక్కున్నట్టే.

చిన్న కాయిన్లలో మరో ప్రమాదం, దొంగ లావాదేవీలు. తన కాయిన్లు తనే కొనుక్కుంటూ ఎవరైనా 108 దగ్గర 1,000 కాయిన్లు తిప్పితే, మన తొలి 101.60 కాస్తా 104.80 అవుతుంది. 104కి కొనేవాడికి చవక బేరం దొరికిందన్న భ్రమ కలుగుతుంది. పరిమాణం భారీగా కనిపిస్తున్నా, ఆర్డర్ బుక్‌లో అసలు నిలిచి ఉన్న ఆర్డర్లు పలచగా ఉంటే అనుమానించాలి. అదే కాయిన్‌కి వేరే పెద్ద ఎక్స్ఛేంజ్‌లో గీత ఎక్కడుందో పక్కన పెట్టి చూడాలి. రెండింటికీ పొంతన లేకపోతే ఆ పూటకి ఆ కాయిన్‌ని వదిలేయడమే మంచిది.