మెరిసే నేల మీద నిలబడ్డ బొమ్మ

కట్టబోయే దుకాణం లోపల ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో ముందే గీసి చూపే చిత్రాన్ని రెండర్ అంటారు. చీరల బొటీక్ రెండర్ నమ్మేలా ఉందో లేదో తేల్చుకోవడానికి నేను ముందుగా చూసేది చీరలను కాదు, నేలను. బొమ్మ కొలత, దీపాల తీరు, నేల నునుపు అన్నీ ఒకచోట పరీక్షకు నిలిచేది అక్కడే.

ఒక గదిని తీసుకుందాం. పైకప్పు 3 మీటర్ల ఎత్తు, నేలకు పాలిష్ చేసిన విట్రిఫైడ్ టైల్స్. కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి 4 మీటర్ల దూరంలో చీర కట్టిన బొమ్మ ఉంది. దాని ఎత్తు 1.8 మీటర్లు. దుకాణాల్లో ఆడబొమ్మలు మన ఆడవాళ్ల సగటు కంటే పొడుగ్గానే ఉంటాయి కాబట్టి ఈ కొలత సబబే.

కొలత సరిచూసే మార్గం సులువైనది. కెమెరా ఎత్తులోనే ఉన్న బిందువులన్నీ, దగ్గరవైనా దూరమైనా, చిత్రంలో క్షితిజ రేఖ మీదే పడతాయి. ఇక్కడ ఆ రేఖ 1.8 మీటర్ల బొమ్మలన్నిటినీ భుజాల దగ్గరే దాటాలి. వెనక వరుసలోని బొమ్మను అది రొమ్ము దగ్గర దాటితే, ఆ బొమ్మ రెండు మీటర్లు దాటిపోయిందన్నమాట, లేదా పీఠం మీద ఉందన్నమాట. పీఠం కనిపించకపోతే కొలతే తప్పు.

ఇక ప్రతిబింబం. నిగనిగ కోసం నేలను అద్దంలా చేసేయడం చాలామంది చేసే పొరపాటు. టైల్ లోహం కాదు. దాని వక్రీభవన గుణకం సుమారు 1.5. నిటారుగా పడిన కాంతిలో అది వెనక్కి పంపేది 4 శాతమే. చూపు ఏటవాలయ్యేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఈ లెక్కను పంతొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ ఇచ్చాడు. మన గదిలో బొమ్మ పాదాల ప్రతిబింబం నేల మీద కెమెరాకు 4 మీటర్ల దూరంలో, పాదాలను ఆనుకునే కనిపిస్తుంది. అక్కడ దాదాపు 16 శాతం కాంతి ప్రతిఫలిస్తుంది. తల ప్రతిబింబం మాత్రం కెమెరాకు 1.8 మీటర్ల దగ్గర పడుతుంది. అక్కడ మన చూపు అంత ఏటవాలుగా ఉండదు, ప్రతిఫలించేది 6 శాతమే. కాబట్టి కుచ్చిళ్ల దగ్గర స్పష్టంగా మొదలైన ప్రతిబింబం తల వైపు వచ్చేసరికి పలచబడాలి. టైల్‌కున్న సన్నని గరుకుదనం వల్ల అది మసకబారాలి కూడా. నేలకు తగిలిన వస్తువు ప్రతిబింబం పదునుగా, దూరమైనదానిది చెదిరి కనిపిస్తుంది.

బొమ్మ చిత్రాన్నే తలకిందులు చేసి నేల మీద అతికిస్తే ఆ అతుకు ఇంకో విధంగా బయటపడుతుంది. ప్రతిబింబంలో మనం చూసేది, నేలకు 1.5 మీటర్ల కింద నుంచి ఒక కన్ను చూసే దృశ్యం. అందులో గడ్డం అడుగుభాగం, చేతుల కింది వైపు, పైకప్పులో వెలుగుతున్న స్పాట్‌లైట్లు కనబడాలి. దీపాలు పైనుంచి వెలుగు వేస్తున్నాయి గనుక ఆ అడుగుభాగాలు నీడలో ఉంటాయి. అతికించిన బొమ్మకు మాత్రం భుజాల మీద వెలుగు అలాగే ఉండిపోతుంది.

టైల్స్ అతుకులనూ మరచిపోకూడదు. పరిచేటప్పుడు ఒక టైల్ 0.2 డిగ్రీలు వాలినా ప్రతిఫలించిన కిరణం 0.4 డిగ్రీలు తిరుగుతుంది. ఆ టైల్‌లో తల దాదాపు రెండు సెంటీమీటర్లు జరిగి కనిపిస్తుంది. ఎక్కడా తెగని ప్రతిబింబం నిలిచిన నీళ్లను తలపిస్తుందే గాని నేలను కాదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేవి నేల మీద అక్కడక్కడా రేగే తెల్లని చుక్కలు. ఈ రంగంలో వీటిని ఫైర్‌ఫ్లైస్ అంటారు. జేమ్స్ కజియా 1986లో ప్రతిపాదించిన పాత్ ట్రేసింగ్ పద్ధతిలో, ఒక్కో పిక్సెల్ వెలుగును యాదృచ్ఛికంగా ఎంచిన కాంతి మార్గాల సగటుగా అంచనా కడతారు. చిన్న స్పాట్‌లైట్ నుంచి జరీ అంచు మీదికి, అక్కడి నుంచి నేల మీదికి, అటునుంచి కెమెరాకు చేరే మార్గం అరుదుగా దొరుకుతుంది, దొరికితే మహా ప్రకాశంగా ఉంటుంది. ఆ ఒక్క నమూనా పడిన పిక్సెల్ తెల్లగా మండిపోతుంది.

అది మచ్చా, నిజమైన జరీ తళుకా అన్నది ఎలా తెలుస్తుంది? బ్లెండర్‌లోని సైకిల్స్‌లో `Seed` అంకె మార్చి మళ్లీ రెండర్ చేయాలి. తళుకు ఉన్నచోటే ఉంటుంది, మచ్చ చోటు మారుతుంది. ముందుగా దీపానికి బిందువంత కాక నిజమైన పరిమాణం, అంటే కొన్ని సెంటీమీటర్ల వ్యాసార్ధం ఇవ్వాలి. చాలా మచ్చలు అక్కడే తగ్గుతాయి. `Clamp Indirect` విలువ తగ్గిస్తే మిగిలినవీ పోతాయి గాని, నేలలో కనబడే జరీ మెరుపు కూడా వాటితోపాటే చల్లారుతుంది. డీనాయిజర్‌కు నేల రంగు, వాలు తెలుస్తాయే తప్ప ప్రతిబింబంలోని అంచు డిజైన్ తెలియకపోవచ్చు. అలాంటప్పుడు బుటాలన్నీ కలిసి పూతలా మారతాయి. అందుకే బొమ్మ పాదాల ముందున్న ఆ కొద్ది నేలను మాత్రం విడిగా, ఎక్కువ నమూనాలతో రెండర్ చేసి చిత్రంలో కలపడమే మేలని నా అభిప్రాయం.