పండుగనాటి డ్యూటీ: త్యాగమా, బాకీయా?

మన కథల్లో పండుగనాడు పనిచేసే మనిషి ఎక్కువగా త్యాగమూర్తిగానే కనిపిస్తాడు. ఊరంతా భోగిమంటలు వేసుకుంటూ ఉంటే వార్డులో రోగి నుదుట చెయ్యి వేసి నిలబడిన నర్సు ఇలాంటి పాత్రే. పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి, కథ ముగుస్తుంది. కాని ఆ రోజు ఆమే ఎందుకు డ్యూటీలో ఉంది, పక్కనున్న ఆమె ఎందుకు లేదు, వారిద్దరూ మర్నాడు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎందుకు తిరిగారు అన్న ప్రశ్నలు ఆ కథల్లోకి రావు. వాటికి జవాబు మనుషుల గుణగణాల్లో కన్నా హెడ్ నర్సు బల్ల మీద ఉండే డ్యూటీ చార్టులో ఎక్కువగా దొరుకుతుంది.

ఆ చార్టును ఎలా చదవాలో చూద్దాం. ముప్ఫై పడకల వార్డు ఒకటి ఉందనుకుందాం. ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రి ఒకరు, మొత్తం రోజుకు నాలుగు డ్యూటీలు. వారానికి 28. మంజూరైన నర్సులు ఏడుగురు. కాని ఒకామె ప్రసూతి సెలవులో వెళ్ళింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. మిగిలినవారు ఆరుగురు. వారానికి ఒక సెలవు పోను ఆరుగురికి 36 పనిదినాలు. రాత్రి డ్యూటీ చేసిన మనిషికి మర్నాడు విశ్రాంతి ఇవ్వాలి గనుక అందులో ఏడు పోతాయి. మిగిలేవి 29. కావలసినవి 28. అంటే వారం మొత్తానికి మిగులు ఒకే ఒక్క రోజు.

దీన్నే సంక్రాంతి రోజుకు అన్వయించి చూడండి. ఆరుగురిలో నలుగురు డ్యూటీలో ఉంటారు. ముందు రాత్రి పనిచేసిన ఆమె ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది. నిజంగా పండుగ చేసుకోగలిగేది ఒక్కరే. ఏడో నర్సు ఉంటే వారం మిగులు ఒకటి నుంచి ఏడు రోజులకు పెరుగుతుంది. అప్పుడు ముగ్గురు రెండేసి రోజులు అదనంగా తీసుకుని ఊరు వెళ్ళి వచ్చినా వార్డు నడుస్తుంది. భర్తీ కాని ఒక్క ఖాళీ వల్ల అందరికీ సరిపోవలసిన సెలవు ఒకరికే మిగిలింది. త్యాగం అవసరమైన పరిస్థితి ఇలా తయారైంది. దాన్ని తయారుచేసింది పండుగ కాదు.

ఇక ఆ ఒక్క ఖాళీ ఎవరిది? ఇక్కడినుంచి లోలోపలి లెక్కలు మొదలవుతాయి. బయటికి ఎవరూ పోట్లాడరు. "మీరు వెళ్ళండి మేడమ్, నాకేం పరవాలేదు" అంటుంది ఒకామె. ఆ మాటలో ఔదార్యం ఉంది. మనసులో రాసుకున్న ఒక పద్దు కూడా ఉంది. దసరా నాటికి ఆ పద్దు బయటికి తీయాలనుకుంటుంది. కాని అవతలామె పద్దులో అది జమ అయి ఉండదు. ఆమె లెక్కలో ఉగాదినాడు తాను చేసిన రాత్రి డ్యూటీ ఉంటుంది. పిల్లలున్న తల్లి పిల్లల్ని చూపిస్తుంది. పెళ్ళికాని అమ్మాయి, ముసలి తండ్రి ఒక్కడే ఉన్న ఇంటిని చూపిస్తుంది. దూరపు ఊరామె బస్సు ప్రయాణాన్ని, పక్క వీధి ఆమె ఇంటికి వచ్చిన బంధువుల్ని చూపిస్తారు. వీటిని తూచే కొలమానం ఏదీ లేదు. అందుకే ఈ పోలికకు ముగింపు ఉండదు. ప్రతి ఒక్కరూ తమ పద్దులో నిజాయితీగానే ఉంటారు, అయినా ఏ రెండు పద్దులూ కలవవు.

మతం ఈ లెక్కలోకి వచ్చే తీరు మరింత గమనించదగ్గది. కోస్తా జిల్లాల ఆసుపత్రుల్లో క్రైస్తవ నర్సులు చాలామంది కనిపిస్తారు. "సంక్రాంతికి నేను చేస్తాను, క్రిస్మస్‌కు నువ్వు చెయ్యి" అనే ఒప్పందం చక్కటి పరస్పర సహాయం. కాని కొన్నేళ్ళకు ఆ ఒప్పందం "మీకు పండుగ కాదుగా సిస్టర్" అనే ధీమాగా మారుతుంది. అప్పుడు భోగి, సంక్రాంతి, కనుమ, ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి కలిపి ఏడు రోజులు ఆమె చేస్తుంది, ప్రతిగా ఆమెకు దక్కేది క్రిస్మస్ ఒక్కరోజు. ముస్లిం నర్సు చిక్కు వేరు. చార్టు ముందుగానే రాస్తారు, రంజాన్ పండుగ మాత్రం ముందురోజు సాయంత్రం నెలవంక కనిపిస్తేనే తేలుతుంది. రెండు రోజులకూ వీలు ఉంచాలని అడిగితే ఆమె ఎక్కువ కోరుతున్నట్టు కనిపిస్తుంది. ఎవరి పండుగ పంచాంగంలో స్థిరంగా ఉంటే వారి కోరిక న్యాయంగానూ, లేకపోతే మొండితనంగానూ తోస్తుంది.

ఈ పోటీలో చోటే లేని మనిషి ఒకరున్నారు. కాంట్రాక్టు నర్సు. ఆమె పండుగ మూడు రోజులూ వార్డులోనే ఉంటుంది, అయినా ఆమె త్యాగం చేసిందని ఎవరూ అనరు. కాదనగలిగినవాడు ఒప్పుకుంటేనే లోకం దాన్ని త్యాగం అంటుంది. కాదంటే కాంట్రాక్టు పొడిగించరేమోనన్న భయం ఉన్న చోట ఆ మాటే పుట్టదు. ఎవరు ఎక్కువ త్యాగం చేశారన్న పోటీలో అందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషి పేరే ఉండదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. స్త్రీకి పండుగ సెలవంటే విశ్రాంతి కాదు. అరిసెల పాకం దగ్గర, పొయ్యి దగ్గర మరో డ్యూటీ. ఉదయం డ్యూటీకి వెళ్ళే నర్సు తెల్లవారకముందే లేచి వంట ముగించి వస్తుంది. వార్డులో వారు పోల్చుకునేవి పని, సెలవు కావు. రెండు రకాల పనులు. ఆసుపత్రి డ్యూటీయే నయమనుకునే ఇల్లాలు కూడా ఆ మాట పైకి అనలేదు, అంటే తన త్యాగం విలువ పడిపోతుంది.

1974లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలు, సంస్థలలో జాతీయ, పండుగ సెలవుల మీద ఒక చట్టం వచ్చింది. సెలవునాడు పనిచేయించుకుంటే రెట్టింపు వేతనమో, లేదా ఆ రోజు వేతనంతోపాటు వేతనంతో కూడిన మరొక రోజు సెలవో ఇవ్వాలన్నది దాని సారాంశం. ఏ ఆసుపత్రికి అది వర్తిస్తుందన్నది వేరే చర్చ. మనం గమనించవలసింది దాని భాష. అందులో త్యాగం అనే మాట లేదు, చెల్లింపు ఉంది. పండుగ రోజు శ్రమ యాజమాన్యం మీద బాకీ అని అది ఒప్పుకుంటుంది. వార్డులో ఆ బాకీ తీరదు. బదులు సెలవు "తరవాత చూద్దాం" అన్న మాటగా మిగులుతుంది. రావలసిన చోటునుంచి రాని బాకీని మనిషి అందుబాటులో ఉన్న మనిషి దగ్గర వసూలు చేయాలని చూస్తాడు. పై అధికారి మీద రావలసిన కోపం పక్క కుర్చీ మీదికి మళ్ళుతుంది. మే 12న నర్సుల దినోత్సవ వేదికల మీద వినిపించే త్యాగస్తుతి ఈ మళ్ళింపుకు తోడ్పడుతుంది, ఎందుకంటే పొగడ్త పొందిన బాకీని మళ్ళీ అడగటం నామోషీ.

దీనికి వార్డులో చేయగలిగిన పని కొంత ఉంది. సంవత్సరం మొదట్లోనే అన్ని మతాల పండుగలూ ఒక కాగితం మీద రాసి, గత ఏడాది ఎవరు ఏ పండుగ చేశారో పక్కన వేసి, అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. మార్పిడి చేసుకుంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. బదులు సెలవు తేదీ అప్పుడే రాయించుకోవాలి. కాంట్రాక్టు నర్సు పేరు కూడా అదే వరుసలో ఉండాలి. మనసులో పద్దులు గోడ మీదికి వస్తే అనుమానాలు చాలావరకు తగ్గుతాయి. కాని ఈ కాగితం ఏడో నర్సును పుట్టించలేదు. ఉన్న ఒక్క ఖాళీని న్యాయంగా పంచుతుంది, అంతే. గోడ మీద లెక్క సరిగ్గా ఉన్నా ఇంకా అందరూ నష్టపోతూనే ఉన్నారంటే, తప్పు పంపకంలో లేదనీ, భర్తీలో ఉందనీ తేలిపోతుంది. అప్పుడు ఆ కాగితమే డిమాండు పత్రం అవుతుంది.

రచయిత చేయవలసినదీ ఇటువంటిదే. ఇద్దరు నర్సుల మధ్య మౌనాన్ని అసూయగా రాయటం తేలిక, ఒకామెను దేవతగా రాయటం ఇంకా తేలిక. ఆ మౌనం వెనక గోడకు ఎక్కని చార్టు, భర్తీ కాని ఒక కుర్చీ ఉన్నాయని చూపగలిగితే, అదే సన్నివేశం ఇద్దరినీ చిన్నబుచ్చకుండా నిజం చెబుతుంది.