ఆడ్స్‌లో అసలు ఎక్కడుంది?

2015లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ సీజన్ మొదలయ్యేటప్పుడు, లీస్టర్ సిటీ జట్టు టైటిల్ కొడుతుందన్న పందేనికి బ్రిటన్ బుకీలు ఇచ్చిన ధర 5000/1. 2016 మేలో ఆ జట్టు నిజంగానే టైటిల్ కొట్టింది. ఆ ధరకు ఒక పౌండు కాసినవాడికి 5000 పౌండ్ల లాభం, పైగా తన పౌండు తనకు వాపసు. ఇదే ధరను యూరప్‌లో 5001.00 అనీ, అమెరికాలో +500000 అనీ రాస్తారు. చెప్పేది ఒకే మాట. అసలు సొమ్మును లెక్కలో కలిపారా లేదా, ఎంత సొమ్ముకు చెబుతున్నారు అన్నదే తేడా.

బ్రిటన్‌లో వాడే భిన్నంలో పై అంకె లాభం, కింది అంకె పందెం. 5/2 అంటే రెండు కాస్తే అయిదు లాభం. డెసిమల్ అంకె మాత్రం, ఒకటి కాస్తే అసలుతో సహా చేతికొచ్చేది ఎంతో చెబుతుంది. అందుకే అయిదును రెండుతో భాగించగా వచ్చిన 2.5కి ఒకటి కలపాలి. జవాబు 3.50. కొత్తవాళ్లు ఆ ఒకటి మరిచిపోయి 5/2ను 2.50 అనేసుకుంటారు. నిజానికి 2.50కి సరిపోయే భిన్నం 3/2. బ్రిటన్ గుర్రప్పందేల బోర్డు మీద దాన్ని 6/4 అని రాస్తారు. భిన్నాన్ని కుదించి రాయాలన్న మన బడి లెక్కల నియమం అక్కడ చెల్లదు.

అమెరికా పద్ధతికి వంద ఆధారం. ప్లస్ ఉంటే, వంద కాస్తే వచ్చే లాభం ఎంతో ఆ అంకె చెబుతుంది. కాబట్టి 5/2 అక్కడ +250. మైనస్ చూసి నష్టమనుకోకండి. వంద లాభం రావాలంటే ఎంత కాయాలో చెప్పే గుర్తు అది. గెలుస్తుందని ఎక్కువమంది నమ్మే జట్టుకు -150 అని ఉందనుకుందాం. వందను 150తో భాగిస్తే సుమారు 0.67. అసలు కలిపితే డెసిమల్ 1.67. భిన్నంలో అది 2/3. బోర్డు మీద 4/6.

డెసిమల్ నుంచి వెనక్కి రావాలంటే ముందు ఒకటి తీసేయాలి. మిగిలింది ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే వందతో హెచ్చించి ప్లస్ పెట్టాలి. తక్కువైతే వందను దానితో భాగించి మైనస్ పెట్టాలి. 1.67ను ఇలా మారిస్తే -150కి బదులు -149 వస్తుంది. లెక్క తప్పలేదు, ముందే అంకెను సవరించి రాయడం వల్ల వచ్చిన తేడా అది.

డెసిమల్‌తో ఇంకో సంగతీ తెలుస్తుంది. వందను దానితో భాగిస్తే, ఆ ధర ప్రకారం గెలుపు అవకాశం ఎంత శాతమో వస్తుంది. అమెరికాలో ఒకే ఆటలో రెండు వైపులా -110 ధర తరచూ కనిపిస్తుంది. అంటే డెసిమల్‌లో 1.91, ఒక్కో వైపు సుమారు 52.4 శాతం. రెండూ కలిపితే వంద దాటి 104.8 అవుతుంది. ఆ పైనున్నదే బుకీ వాటా.

అంకెలు చదవడం వరకే ఈ లెక్క. ఆన్‌లైన్ పందేలపై తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది.