సింగపూర్‌లో మన డేటా ఎన్ని గంటలు ఉండొచ్చు?

రోజూ ఒక టైమ్‌కి డేటాను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పంపే జాబ్ రాయడం మనకి పెద్ద పనేమీ కాదు. క్రాన్‌లో ఒక్క లైను చాలు. కానీ ఆ రెండో సర్వర్ వేరే దేశంలో ఉంటే ఆ ఒక్క లైనుకి చట్టం కూడా తోడవుతుంది. ఏ దేశపు డేటా ఏ దేశంలో ఉండాలో చెప్పే ఇలాంటి నియమాలనే డేటా రెసిడెన్సీ రూల్స్ అంటారు. మన దేశంలో వీటిలో బాగా కఠినమైనది పేమెంట్ డేటా మీద ఉన్నది. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. పేమెంట్లకు సంబంధించిన డేటా మొత్తం ఇండియాలోనే నిల్వ ఉండాలి అన్నది దాని సారాంశం. 2019 జూన్‌లో ఇచ్చిన వివరణలో ఇంకో మాట చెప్పింది. పేమెంట్‌ను విదేశంలో ప్రాసెస్ చేయొచ్చు, కానీ ఆ తర్వాత ఒక పనిదినం లేదా 24 గంటలు, ఏది ముందైతే ఆలోపు డేటాను ఇండియాకి తెచ్చి, అక్కడ డిలీట్ చేయాలి. ఇది బ్యాంకులకే కాదు, వాళ్ల కోసం పనిచేసే వెండర్లకూ వర్తిస్తుంది. ఈ రూల్ పాటించలేదని 2021 జూలై 22 నుంచి మాస్టర్‌కార్డ్ ఇక్కడ కొత్త కస్టమర్లను చేర్చుకోకుండా ఆపేశారు. ఆ ఆంక్ష 2022 జూన్‌లో గానీ తొలగలేదు.

ఇప్పుడు ఒక ఊహాజనిత పేమెంట్ గేట్‌వే కంపెనీని అనుకుందాం. మెయిన్ సర్వర్ ముంబైలో ఉంది. ప్రాసెసింగ్‌లో ఒక భాగం సింగపూర్‌లో జరుగుతుంది. రోజూ అర్ధరాత్రి 12కి సింగపూర్ డేటాను ముంబైకి కాపీ చేసి, ఆ తర్వాత ఈ క్వెరీతో అక్కడ చెరిపేస్తారు:

```
DELETE FROM txn_sg
WHERE processed_at::date < CURRENT_DATE;
```

చూడ్డానికి బాగానే ఉంది కదా? కానీ డేటాబేస్ గడియారం యూటీసీలో ఉంది. మన అర్ధరాత్రి 12 అంటే అక్కడ ఇంకా సాయంత్రం 6:30, తేదీ మారలేదు. మన లెక్కలో యూటీసీ తేదీ మారేది పొద్దున 5:30కి. సోమవారం పొద్దున 6 గంటలకు ఒక పేమెంట్ జరిగిందనుకోండి. సోమవారం రాత్రి జాబ్ నడిచినప్పుడు యూటీసీలో అది ఇంకా ‘ఈరోజు’ డేటానే, కాబట్టి చెరగదు. మంగళవారం రాత్రి చెరుగుతుంది. అంటే మొత్తం 42 గంటలు! పైగా రెండు రాత్రులూ జాబ్ లాగ్‌లో సక్సెస్ అనే ఉంటుంది.

టైమ్‌జోన్ ఒక్కటి సరిచేస్తే సరిపోదు. రోజుకి ఒకసారే నడిస్తే, రాత్రి 12:10కి జరిగిన పేమెంట్ 23 గంటల 50 నిమిషాలు అక్కడే ఉంటుంది. జాబ్ అరగంట లేటైతే గడువు దాటిపోయినట్టే. అందుకని తేదీని వదిలేసి వయసును చూడాలి, ప్రతి గంటా నడపాలి:

```
DELETE FROM txn_sg
WHERE processed_at < now() - interval '2 hours'
  AND copied_to_india;
```

ఇలా అయితే మామూలుగా మూడు గంటలకు మించి ఏదీ మిగలదు. జాబ్ కొన్నిసార్లు ఫెయిలైనా సరిచేసుకోవడానికి టైమ్ ఉంటుంది. చివరి షరతు వల్ల ముంబైకి చేరని డేటా పొరపాటున చెరగదు. అలారం మాత్రం జాబ్ సక్సెస్ మీద పెట్టకూడదు. టేబుల్‌లో అన్నిటికన్నా పాత రికార్డు వయసు మీద పెట్టాలి. అది ఆరు గంటలు దాటితే ఎవరో ఒకరి ఫోన్ మోగాలి.

ఇక అనుమతి సంగతి. ఇలాంటి జాబ్‌కి కంప్లయన్స్ వాళ్ల దగ్గర అనుమతి అడిగేటప్పుడు ‘సింగపూర్ సింక్’ అని ఒక్క ముక్క రాస్తే వాళ్లకి ఏమీ తెలియదు. ఏ కాలమ్స్ వెళ్తున్నాయి, ఎందుకు, అక్కడ ఎంతసేపు ఉంటాయి, చెరిగాయని రుజువేంటి అన్నవి రాయాలి. కార్డ్ నంబర్ తీసేశాం కదా అంటే కుదరదు. రిజర్వ్ బ్యాంక్ వివరణ ప్రకారం పేరు, మొబైల్ నంబర్, ఈమెయిల్, లావాదేవీ మొత్తం, టైమ్ కూడా పేమెంట్ డేటాలోకే వస్తాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ప్రభుత్వం నిషేధించిన దేశాలకు తప్ప డేటా పంపొచ్చు అంటుంది. కానీ అంతకంటే కఠినమైన చట్టం ఉంటే అదే చెల్లుతుందని కూడా అందులోనే ఉంది. ఒక మినహాయింపు ఏంటంటే, ఒక కొస విదేశంలో ఉన్న లావాదేవీ అయితే అవసరాన్ని బట్టి కాపీ అక్కడా ఉంచుకోవచ్చు.

అనుమతి ఇచ్చేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: ఇంకెక్కడెక్కడ కాపీ అవుతోంది? టేబుల్‌లో చెరిగినా, సింగపూర్ డేటాబేస్‌కి ఏడు రోజుల ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డేటా ఏడు రోజులూ అక్కడే ఉన్నట్టు. ఎర్రర్ లాగ్‌లో రిక్వెస్ట్ మొత్తం ప్రింట్ చేస్తుంటే అదీ ఒక కాపీయే. కాబట్టి ఆ టేబుల్‌కి బ్యాకప్ ఇండియాలోనే తీసుకోవాలి. ముంబైకి తోడుగా హైదరాబాద్‌లోనూ అమెజాన్ క్లౌడ్ రీజియన్ ఉంది కాబట్టి, రెండో కాపీ కోసం సముద్రం దాటాల్సిన పని లేదు.