కదలని కౌంటర్, ఆగని లూప్

ఒకటి నుంచి పది వరకు ఉన్న సరిసంఖ్యలను కూడాలి, while లూప్ వాడాలి. మొదటి ఏడాది పైథాన్ ల్యాబ్‌లో ఇచ్చే తరహా లెక్కే ఇది. జవాబు 30 అని నోటితోనే చెప్పొచ్చు. కానీ కొందరి స్క్రీన్ మీద రన్ కొట్టాక జవాబు రాదు, ఎర్రరూ రాదు. కర్సర్ ఊరికే మిణుకుమంటూ ఉంటుంది, కాసేపటికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతుంది. వాళ్లు రాసింది ఇదీ:

```
i = 1
total = 0
while i <= 10:
    if i % 2 == 0:
        total = total + i
        i = i + 1
print(total)
```

పైపైన చూస్తే తప్పేమీ కనపడదు. కౌంటర్ i ఉంది, దాన్ని పెంచే లైనూ ఉంది. ఆ లైను రాయడమే మరచిపోయి ఉంటే పక్క సీటువాడు ఇట్టే పట్టేసేవాడు. ఉండబట్టే కన్ను దాన్ని దాటిపోతుంది.

కాగితం మీద వేసి చూద్దాం. మొదట i విలువ 1. పది కంటే తక్కువే కాబట్టి లూప్ లోపలికి వెళతాం. 1ని 2తో భాగిస్తే శేషం 1, సున్నా కాదు. అంటే if షరతు తప్పింది, దాని కింద ఉన్న రెండు లైన్లూ జరగవు. ఆ రెండో లైనే కౌంటర్‌ను పెంచేది! i ఇంకా 1గానే ఉండగా కంప్యూటర్ మళ్లీ పైకి వెళ్లి, అదే ప్రశ్న అడిగి, అదే జవాబు తెచ్చుకుంటుంది. అది ఆగిపోలేదు, సెకనుకు లక్షలసార్లు ఇదే పని చేస్తోంది. i ని 2తో మొదలుపెట్టినా లాభం లేదు. 2ని కూడి, 3 దగ్గరకు వచ్చి, అక్కడే ఉండిపోతుంది.

పైథాన్‌లో ఏ లైను దేని కిందకు వస్తుందో ఎడమవైపు వదిలిన ఖాళీయే చెబుతుంది. `i = i + 1` ని నాలుగు ఖాళీలు వెనక్కి, if కు సమానంగా జరిపితే సరి: సంఖ్య సరి అయినా బేసి అయినా కౌంటర్ పెరుగుతుంది, 30 వస్తుంది. కంగారులో ఇంకో నాలుగు వెనక్కి జరిపారో, అది లూప్ బయటపడుతుంది, కథ మొదటికొస్తుంది.

ఇలా ఇరుక్కున్నప్పుడు Ctrl+C నొక్కి ఆపండి. `KeyboardInterrupt` తో పాటు కనిపించే లైను నంబరు, ఆపిన క్షణంలో ప్రోగ్రాం ఎక్కడుందో చెబుతుందే తప్ప తప్పు ఎక్కడుందో చెప్పదు. while కింద మొదటి లైనుగా `print(i, total)` పెట్టి మళ్లీ నడపండి. `1 0`, `1 0` అంటూ ఒకే వరస దిగుతుంటే కౌంటర్ కదలడం లేదన్నమాట. i పది దాటి పెరిగిపోతుంటే మాత్రం చూడాల్సింది while షరతును.

ఇది కొత్తవాళ్లే చేసే పొరపాటనుకోవద్దు. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ జూన్ మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. 1980 నుంచి గడిచిన రోజుల సంఖ్యలోంచి ఒక్కో ఏడాది రోజులను తీసేస్తూ, ఇది ఏ సంవత్సరమో తేల్చే while లూప్ వాటిలో ఉంది. షరతు: రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతవరకు తిరుగు. లోపల, లీపు సంవత్సరమైతే, 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తీసెయ్, సంవత్సరాన్ని ఒకటి పెంచు.

2008 లీపు సంవత్సరం. దాని చివరి రోజున సరిగ్గా 366 మిగిలింది. 365 కంటే ఎక్కువే కాబట్టి లూప్ ఆగలేదు, 366 కంటే ఎక్కువ కాదు కాబట్టి రోజులు తగ్గనూ లేదు. తగ్గించే లైను ఇక్కడా if లోపలే చిక్కుకుంది. మర్నాటికి లెక్క 367 అవుతుంది, 366 పోను ఒకటి మిగులుతుంది, లూప్ మామూలుగా ముగుస్తుంది. అందుకే కంపెనీ, బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి జనవరి 1 మధ్యాహ్నం తర్వాత ఛార్జ్ చేసుకోమని చెప్పింది.

మీ while లోపల if ఉంటే, రన్ కొట్టే ముందు ఆ షరతు తప్పే విలువ ఒకటి, సరిగ్గా హద్దు మీద ఉండే విలువ ఒకటి తీసుకుని కాగితం మీద ఒక్కో చుట్టు తిప్పి చూడండి. మన లెక్కలో అవి 1, 10. జూన్‌లో 366.